గుంట పడిన పరుపు కోసం అప్పు చేయకండి

ప్రశ్న: మూడేళ్ల కిందట 14,000 రూపాయలకు కొన్న ఆరంగుళాల డబుల్ ఫోమ్ పరుపులో నేను పడుకునే వైపు గుంట పడింది. 24 శాతం వడ్డీకి యాప్‌లో అప్పు తీసుకుని 36,000 రూపాయల పరుపు కొనవచ్చా? పొదుపు 22,000 ఉంది, నెల ఖర్చు 30,000.

జవాబు: కొనవద్దు. ఏడాది వాయిదాలకు నెలకు సుమారు 3,400 చొప్పున 40,850 రూపాయలు కట్టాలి. రెండు శాతం ప్రాసెసింగ్ రుసుము, దానిపై జీఎస్టీ కలిస్తే 41,700 అవుతుంది. నెల ఖర్చుకైనా చాలని పొదుపుతో ఉన్న మీరు, ఒక నెల జీతం ఆగితే ఈ వాయిదా కోసం మరో అప్పు వెతుక్కోవలసి వస్తుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి, వాటిలో చాలామంది లోపం ఎక్కడుందో చూడకుండానే అప్పుకు సిద్ధపడతారు.

ముందుగా పరుపును నేల మీద పరవండి. గుంట కనిపించకపోతే లోపం మంచానిది. కిందికి వంగిన చెక్కల మీద, లేదా మూడంగుళాలకు మించిన సందుల మీద ఫోమ్ కిందికి జారుతుంది. అప్పుడు మంచంపై గట్టి ప్లైవుడ్ పలక వేస్తే సరిపోతుంది. నేల మీద కూడా గుంట ఉంటే ఒక అంచు నుంచి మరో అంచుకు దారం బిగించి, గుంట అడుగు నుంచి దారం వరకు స్కేలుతో కొలవండి. చాలా వారంటీలు ఒక నిర్ణీత లోతు దాటిన గుంటకే వర్తిస్తాయి, సాధారణంగా అది అంగుళం దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి బిల్లు, వారంటీ కార్డు తీసి చదవండి. మరకలున్నా, మంచం ఆధారం సరిగా లేకపోయినా తిరస్కరించవచ్చు.

ఫోమ్ లోపలంతా సన్నని గోడలున్న గాలి గదులే. రోజూ ఒకే చోట తుంటి బరువు పడి, ఒంటి వేడి, చెమట తేమ తోడై ఆ గోడలు విరిగి మెత్తబడతాయి. సాంద్రత తక్కువైన ఫోమ్‌లో పదార్థమే తక్కువ కనుక ఇది త్వరగా జరుగుతుంది. విరిగినది మళ్లీ లేవదు; పైన టాపర్ అనే పలుచని పరుపు వేసినా అది కూడా గుంటలోకే ఒదుగుతుంది.

ఆయుష్షు పెంచడానికి మూడు నెలలకోసారి పరుపును తల వైపు కాళ్ల వైపుకు వచ్చేలా తిప్పండి. అప్పుడు మీ గుంట అవతలి వైపుకు వెళ్లి, గట్టిగా ఉన్న భాగం మీకు వస్తుంది. పైనా కిందా ఒకే ఫోమ్ ఉంటేనే బోర్లా తిరగేయండి. నడుము నొప్పి ఉంటే వైద్యుణ్ణి అడగండి.

ఇక ఆ 3,400ను నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. దాదాపు 11 నెలల్లో ఉన్న పొదుపుతో కలిసి 60,000, అంటే రెండు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. ఆరోగ్య బీమా లేకపోతే అది ఈ నెలలోనే తీసుకోండి. ఆ తర్వాతే, విడిగా దాచిన డబ్బుతో, ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోలు అని బిల్లు మీద రాయించుకుని 15,000 లోపు పరుపు కొనండి.