కమిట్‌కీ కమిట్‌కీ మధ్య ఖాళీయే మీ వీడియో

"ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నా రోజు మీద ఒక వీడియో చేయాలనుంది. అబద్ధం ఉండకూడదు, బోర్ కొట్టకూడదు. స్క్రిప్ట్ ఎలా రాయాలి?"

స్క్రిప్ట్ ముందు రాసుకుని షూట్ చేస్తే నటన మొదలవుతుంది. పని జరగనివ్వండి, రాయడం సాయంత్రం. అలారం మోగగానే కళ్ళు నులుముకుంటూ లేచే షాట్ మాత్రం దయచేసి వద్దు. ఎదురుగా కెమెరా ఆన్ చేసి మళ్ళీ పడుకుందెవరో చూసేవాళ్ళకి తెలియదా?

సాయంత్రం టెర్మినల్‌లో ఇది కొట్టండి:

```
git log --all --reverse --since=midnight \
  --author="$(git config user.email)" \
  --date=format:%H:%M --pretty='%ad %s'
```

ఏ కమిట్ ఎన్నింటికి చేశారో వరసగా వస్తుంది. `%ad` బదులు `%cd` పెట్టకండి. మధ్యలో రీబేస్ చేసి ఉంటే పాత కమిట్లకీ రీబేస్ చేసిన టైమే పడుతుంది.

ఇప్పుడు ఖాళీలు చూడండి. ఉదాహరణకి, రిపోర్టులో తేదీ ఒకరోజు వెనక్కి పడుతోందని 10:20కి బగ్ వచ్చింది. మొదటి కమిట్ 13:10కి, అదీ రెండు లైన్లు. మధ్యలో ఏం జరిగిందన్నదే అసలు కథ. మీ మెషిన్‌లో అంతా సరిగ్గానే ఉంది. 12:30కి తెలిసింది, సర్వర్ గడియారం యూటీసీలో ఉందని. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఎంట్రీలు అక్కడ ఇంకా నిన్నటివే.

10:40 నుంచి 12:30 దాకా వెతికిన గంటా యాభై నిమిషాల్ని కోసెయ్యకండి, కుదించండి. టైమ్‌లాప్స్‌లో 30 సెకన్లకో ఫ్రేము తీస్తే 220 ఫ్రేములు. సెకనుకి 30 చొప్పున ఆడిస్తే ఏడు సెకన్ల పైచిలుకు, అంతే. మూలన గడియారం కనబడాలి. అది లేకపోతే ఏడు సెకన్లలో బగ్ పట్టేసినట్టుంటుంది. దాని మీద వాయిస్ ఇలా చాలు: "నా దగ్గర పనిచేస్తోంది. మళ్ళీ చూశా. ఇప్పుడూ పనిచేస్తోంది." చిన్న వాక్యాలు, క్రియతో ముగిసేవి. "ఈ సమస్యను పరిష్కరించే క్రమంలో" అని మొదలెడితే టైమ్‌లాప్స్ అయిపోయినా మీ వాక్యం అవ్వదు.

రివ్యూకి పంపింది 13:20, అప్రూవ్ అయింది 16:40. ఆ మూడు గంటల ఇరవై నిమిషాలకి షాట్ అక్కర్లేదు. రెండు టైములూ తెరమీద వేసి, ఆ గ్యాప్‌లో నిజంగా ఏం చేశారో ఒక్క మాట చెప్పండి. నిద్రపోయుంటే అదే చెప్పండి.

కంపెనీ కోడ్ మాత్రం తెరమీద చూపించకండి. బ్లర్ చేస్తాంలే అనుకుంటారు గానీ, స్క్రోల్ అవుతున్నప్పుడు ఒక్క ఫ్రేములో బ్లర్ జారినా `.env` ఫైల్లో పాస్‌వర్డ్‌లు, కీలన్నీ బయటపడతాయి, పాజ్ నొక్కితే చాలు. కెమెరాని మానిటర్ వెనక పెట్టి ముఖం, చేతులు తీయండి. స్క్రీన్ తప్పదనుకుంటే అదే బగ్‌ని ఖాళీ ప్రాజెక్టులో పది లైన్లలో మళ్ళీ రాసి, ఆ ఒక్క విండోనే రికార్డ్ చేయండి. మొత్తం డిస్‌ప్లే రికార్డ్ చేస్తే మేనేజర్ మెసేజ్ పాపప్ కూడా వీడియోలోకి వచ్చేస్తుంది. అలా రీక్రియేట్ చేసిన ముక్క మీద "మళ్ళీ చేసి చూపిస్తున్నది" అని రాయండి.