ఒత్తు జుట్టుకి ముడి నిలవాలంటే

ప్రశ్న: నా జుట్టు ఒత్తు, నడుము దాకా ఉంటుంది. వదిలేస్తే బాగానే ఉంటుంది కానీ ముడి వేస్తే గంటలోపే జారిపోతుంది. మెడ దగ్గర వదులుగా ఉబ్బుతుంది, పొట్టి వెంట్రుకలన్నీ బయటికి వచ్చేస్తాయి. పిన్నులు ఎన్ని పెట్టినా అంతే. ఏం చేయాలి?

జవాబు:

మా చెల్లిదీ ఇలాంటి జుట్టే, దానికి ముడి వేసేది నేనే, కాబట్టి చేత్తో చేసి చూసినవే చెప్తున్నాను. పిన్నులు పెంచకండి. ముడి జారేది ఎక్కువగా దాని కింద పునాది లేకపోవడం వల్ల. జుట్టంతా ఒక్కసారి మెలితిప్పి చుట్టేస్తే ఆ బరువంతా పిన్నుల మీదే వేలాడుతుంది, పిన్నులు అంత బరువు మోయలేవు. ముందు పోనీటెయిల్ కట్టండి, ముడిని దాని చుట్టూ వేయండి. అప్పుడు బరువు మోసేది రబ్బర్ బ్యాండ్, పిన్నుల పని అంచుల్ని పట్టుకోవడం మాత్రమే.

మెడ దగ్గర ఉబ్బు ఎందుకొస్తుందంటే, చాలామంది తల ముందుకి వంచి జుట్టు పైకి లాగి కడతారు. తల వంచినప్పుడు మెడ వెనుక చర్మం సాగి ఉంటుంది, తల ఎత్తగానే అది దగ్గరికి వస్తుంది, దాంతో అక్కడి జుట్టు వదులైపోతుంది. అందుకే బ్యాండ్ వేసేటప్పుడు తల కొంచెం వెనక్కి, గడ్డం పైకి పెట్టండి. ఇంత ఒత్తు జుట్టు ఒకేసారి చేతికి అందదు కాబట్టి రెండు విడతల్లో కట్టండి. చెవుల పైనుంచి ఉన్న జుట్టుని ముందు తీసుకుని ఒక బ్యాండ్ వేయండి, తర్వాత కింద మిగిలినదాన్ని మెడ నుంచి పైకి దువ్వుకుంటూ తెచ్చి, దానితో కలిపి రెండో బ్యాండ్ వేయండి. మెడ జుట్టుని విడిగా బిగించడం వల్ల అది సులువుగా వదులవదు.

ఇక ముడి ఎక్కడ పెట్టాలి? తల వెనక వేలితో తడిమితే ఎముక కొంచెం పొడుచుకు వచ్చినట్టు తగులుతుంది. బరువైన జుట్టుకి ముడి దాని మీద కూర్చోవడం మంచిది. నడినెత్తిన పెడితే కుదుళ్లు లాగి తలనొప్పి వస్తుంది, మరీ మెడ మీదికి దించితే తల తిప్పినప్పుడల్లా కాలర్ తగిలి కదిలిపోతుంది.

ఒత్తు తగ్గించడానికి మెలిక కన్నా జడ నయం. మెలితిప్పి చుడితే ముడి ఉండలా పైకి లేస్తుంది, జడ అల్లి చుడితే చదునుగా పరుచుకుంటుంది. పోనీటెయిల్‌ని రెండుగా చీల్చి రెండు జడలు అల్లండి. ఒకటి కుడి నుంచి, ఇంకొకటి ఎడమ నుంచి చుట్టండి, బరువు ఒక పక్కకే లాగదు. చివర్లు కిందికి దోపేయండి. యూ పిన్ను నేరుగా గుచ్చకుండా, ముందు దాని మొనలు ముడికి బయటివైపు ఉండేలా పట్టుకుని, ముడి అంచులోని కొద్ది వెంట్రుకల్నీ పక్కనున్న తలమీది జుట్టునీ కలిపి పట్టి, అప్పుడు వెనక్కి తిప్పి పోనీటెయిల్ మొదలు వైపు తోయండి. చెల్లికి ఇలా పెడితే ఐదారు పిన్నులే సరిపోతాయి. అయ్యాక తల అటూ ఇటూ ఊపి చూడండి. తలతోపాటు కాకుండా ముడి విడిగా ఊగుతుంటే బ్యాండే వదులుగా ఉందన్నమాట, విప్పి మళ్లీ కట్టండి, పిన్నులతో సరిచేయాలని చూడకండి.

పొట్టి వెంట్రుకలకి మెత్తని పాత టూత్‌బ్రష్ చాలు. దాని మీద కొంచెం జెల్ రాసుకుని మెడ నుంచి పైకి దువ్వండి. బాబీ పిన్ను పెట్టాలంటే వంకర్లున్న వైపు తలకి ఆనించాలి, చాలామంది తిరగేసి పెడతారు. ముఖం చుట్టూ పొడుగు తక్కువగా కట్ చేయించుకున్న పాయలుంటే వాటిని బలవంతంగా వెనక్కి లాగొద్దు, ఎలాగూ అందవు, ముందుకి వదిలేస్తేనే అందం.

ఒకసారి ఆ పొట్టి వెంట్రుకల కొసలు కూడా చూసుకోండి. సన్నగా, మొనదేలి ఉంటే కొత్తగా వస్తున్నవి. మొద్దుగా ఉండి, అన్నీ బ్యాండ్ వేసే చోటే తెగినట్టుంటే అవి విరిగినవి. అలాగైతే బ్యాండ్ మార్చండి, లోహపు ముక్క లేని గుడ్డ బ్యాండ్ వాడండి, కట్టే చోటు కూడా రోజూ మారుస్తుండండి. తడి జుట్టుకి గట్టిగా ముడి వేయొద్దు, తడిలో వెంట్రుక బలహీనంగా ఉండి సాగి తెగుతుంది.

ముడి వేశాక కణతల దగ్గర నొప్పిగా ఉన్నా, అక్కడ చిన్న పొక్కుల్లా వచ్చినా వెంటనే వదులు చేయండి. నిలవడం కోసం దాన్ని ఓర్చుకోవద్దు. రోజూ అలా లాగుతుంటే నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. మొదట్లో ఆపేస్తే తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే రాకపోవచ్చు. ఇప్పటికే పలచబడినట్టు కనిపిస్తే చర్మ డాక్టర్‌కి చూపించండి, ఈలోగా వదులుగా ఒక జడ వేసుకోండి.