గర్వం అజాక్స్‌ని ఎలా పడగొట్టింది?

ప్రశ్న: గ్రీకు ట్రాజెడీల్లో హీరో గర్వం వల్లే నాశనమయ్యాడని ప్రతి గైడులోనూ రాస్తారు. ఆ గర్వం మెట్టు మెట్టుగా పతనం దాకా ఎలా తీసుకెళ్తుందో ఒక్క నాటకం తీసుకుని చెప్పగలరా? ఎం.ఏ. పరీక్షలున్నాయి, కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అందరూ ఈడిపస్ గురించి రాస్తారు గానీ, గర్వం అనే మాట అతనికి పూర్తిగా అతకదు. తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం తెలియక చేసిన పనులు. అడుగడుగునా గర్వమే కనిపించే నాటకం కావాలంటే సోఫోక్లిస్‌దే ఇంకోటి ఉంది, ‘అజాక్స్’. పీజీ క్లాసులో దీన్ని పాత్రలు పంచి పిల్లల చేత చదివిస్తుంటాను. అందరూ తడబడేది ఒక్కచోటే: కథలో మొదట జరిగినది నాటకం సగం గడిచాక చెబుతారు. అందుకే ఇక్కడ జరిగిన క్రమంలో పెట్టి చెప్తాను.

అజాక్స్ ట్రాయ్ యుద్ధానికి బయల్దేరుతుంటే తండ్రి టెలమాన్ ఒక మాట చెప్పాడు: గెలవాలనుకో, కానీ ఎప్పుడూ దైవబలంతోనే గెలవాలనుకో. దానికి అజాక్స్ జవాబు, దేవుళ్లు తోడుంటే పనికిమాలినవాడైనా గెలుస్తాడు, నేను వాళ్లు లేకుండానే కీర్తి సంపాదిస్తాను అని. ఇంట్లో గడప దగ్గర అన్న మాటే కదా, ఎవరికీ నష్టం లేదు. తర్వాత యుద్ధరంగంలో ఎథీనా దేవి స్వయంగా వచ్చి అతన్ని ఉత్సాహపరచబోతే, ‘వెళ్లి మిగతావాళ్ల పక్కన నిలబడు, నేనున్న చోట వరస చెదరదు’ అన్నాడు. తండ్రితో అన్న మాటే ఇప్పుడు దేవత ముఖానే అన్నాడు. ఆమె కోపం అప్పుడు మొదలైంది.

ఇక్కడ ఒకటి గమనించండి. అది ఉత్త డాంబికం కాదు. ట్రాయ్ వీరుడు హెక్టర్ గ్రీకుల ఓడలు తగలబెట్టడానికి వచ్చినప్పుడు అడ్డంగా నిలబడ్డది ఇతనే. ఇలియడ్‌లో అకిలీస్ తర్వాత అంతటివాడు ఇతనని చెబుతారు. ఆ నమ్మకమే లేకపోతే అతను వీరుడయ్యేవాడే కాదు. గర్వాన్ని ఇతని స్వభావం నుంచి విడదీసి ‘ఒక చెడ్డ గుణం’ అని రాస్తే నాటకం చేజారిపోతుంది.

అకిలీస్ చనిపోయాడు. అతని కవచం, ఆయుధాలు ఎవరికివ్వాలో తేల్చి, మరో గ్రీకు వీరుడు ఒడిస్సియస్‌కి ఇచ్చారు. తీర్పులో మోసం జరిగిందని అజాక్స్ పక్షం అంటుంది, అందులో నిజం ఉండొచ్చు కూడా. ఓడిపోయినవాడికి అలగడం, వెళ్లిపోవడం, పోట్లాడటం అన్నీ ఉన్నాయి. అజాక్స్ మాత్రం తన గౌరవాన్ని తేల్చే హక్కు ఇంకొకరికి ఉందనే ఒప్పుకోలేదు. అర్ధరాత్రి కత్తి పట్టుకుని ఒంటరిగా, గ్రీకు సైన్యాన్ని నడిపే అన్నదమ్ములు అగమెమ్నాన్‌ని, మెనెలాస్‌ని, వాళ్లతోపాటు ఒడిస్సియస్‌ని చంపడానికి బయల్దేరాడు. ఎథీనా అతని చూపుకి భ్రమ కల్పించింది. సైన్యం కొల్లగొట్టి తెచ్చిన పశువుల మీద, వాటి కాపరుల మీద పడి నరికాడు. కొన్నిటిని గుడారానికి ఈడ్చుకెళ్లి, ఒక పొట్టేలుని స్తంభానికి కట్టి ఒడిస్సియస్ అనుకుని కొరడాతో కొట్టాడు. ఎథీనా అతన్ని బయటికి పిలిచి, ఆ మనిషిని అంతగా హింసించకు అంటే, ‘మిగతావన్నీ నీ ఇష్టం, వాడి విషయంలో మాత్రం నా ఇష్టం’ అంటాడు. మతి చలించి ఉన్నా దేవతకి హద్దు గీస్తూనే ఉన్నాడు.

మతి తిరిగొచ్చాక చుట్టూ చచ్చిన గొడ్లు. క్లాసులో అందరూ ఇక్కడే పతనం అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో అసలు మెట్టు దీని తర్వాత ఉంది, ఎందుకంటే జరిగిన పాడు దేవత చేసినది, ఇకమీదట జరగబోయేది అతను తెలిసి చేసేది. ఎటు వెళ్లాలి? ఇంటికి వెళ్దామంటే, తండ్రి ఇదే నేల మీద గొప్ప బహుమతి గెలుచుకుని తిరిగొచ్చినవాడు, వట్టి చేతులతో ఆయన ముఖం ఎలా చూడటం? ఒంటరిగా ట్రోజన్ల మీద పడి చద్దామంటే, అది తన శత్రువులైన ఆ అన్నదమ్ములకి సంతోషం. ఒక్కో దారినీ తనే పరిశీలించి తనే కొట్టిపారేస్తాడు. మనలో ఎవరైనా ఇంటికే వెళ్లిపోయేవాళ్లం.

టెక్మెస్సా బతిమాలుతుంది. ఆమె యుద్ధంలో చేజిక్కిన స్త్రీ, అతని కొడుకుకి తల్లి. నువ్వు పోతే నన్నూ నీ కొడుకునీ బానిసల్ని చేస్తారు, ముసలి తల్లిదండ్రుల్ని తలుచుకో అంటుంది. ఒకసారి ఆ పాత్ర చదువుతున్న అమ్మాయి ఆగిపోయి, ‘సార్, ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది, ఎందుకు వినడు?’ అని అడిగింది. ఆమె మాట తప్పని అతను ఒక్కసారి కూడా అనడు. కొడుకుని ఎత్తి తెమ్మంటాడు, నీ అదృష్టం నాకంటే బాగుండాలి, మిగతా అన్నిటిలో నాలాగే ఉండు అంటాడు. తనని ఇక్కడిదాకా తెచ్చిన గుణాన్నే పిల్లాడికి ఆస్తిగా ఇస్తున్నాడన్నమాట.

ఆ తర్వాత మెత్తబడ్డట్టు మాట్లాడతాడు. చలికాలం వేసవికి చోటిస్తుంది, రాత్రి పగటికి దారిస్తుంది, నేను మాత్రం ఎందుకు లొంగకూడదు అంటాడు. టెక్మెస్సా, అతని నావికులు నమ్మి సంబరపడతారు. చాలామంది దీన్ని వట్టి మోసం అంటారు. నాకైతే అతనికి ఆ సత్యం పూర్తిగా అర్థమైందనిపిస్తుంది. లోకం మారుతుందని తెలుసు, అలా మారి బతకడం తన వల్ల కాదనీ తెలుసు.

సరిగ్గా అప్పుడు వార్తాహరుడు వస్తాడు. ఎథీనా కోపం ఈ ఒక్కరోజే, ఇవాళ అజాక్స్‌ని గుడారం దాటనివ్వకండి అని జోస్యుడు కాల్కస్ చెప్పాడట. తండ్రితో అన్న మాట, దేవతతో అన్న మాట మనకి తెలిసేది ఈ కబురు ద్వారానే. అప్పటికే అతను వెళ్లిపోయాడు. ఒకప్పుడు హెక్టర్ బహుమతిగా ఇచ్చిన కత్తినే శత్రుభూమిలో నిలబెట్టి దాని మీద పడి చనిపోతాడు.

పరీక్షలో ‘గర్వం వల్ల చనిపోయాడు’ అని రాయకండి. ప్రతి మెట్టు దగ్గరా అతనికి ఇంకే దారి ఉంది, దాన్ని ఎందుకు కాదన్నాడు అని రెండు వాక్యాలు రాయండి. గర్వం తీసేసి చూస్తే ఆ మెట్టు జరగకూడదు. జరిగితే మీరు తప్పు మెట్టు ఎంచుకున్నట్టే. పశువుల మీద భ్రమ అలాంటిదే, దాన్ని అతని లోపంలో కలపకుండా ఎథీనా ఖాతాలో రాయండి.

చాలా పేపర్లు మరణంతో ఆగిపోతాయి, నాటకం ఆగదు. శవాన్ని పూడ్చనిచ్చేది లేదని మెనెలాస్, అగమెమ్నాన్ పట్టుబడితే, వాళ్లని ఒప్పించేది ఒడిస్సియసే. రేపు నాకూ ఇదే అవసరం వస్తుంది అంటాడు. మొదటి సీనులో ఎథీనా తన శత్రువుని పిచ్చివాడిగా చూపించినప్పుడు కూడా, నా గతీ ఇంతేగా అని జాలిపడింది ఇతనే. అంత చేసినా అజాక్స్ తమ్ముడు ట్యూసర్ అతనికి కృతజ్ఞతలు చెప్పి, శవాన్ని మాత్రం ముట్టుకోనివ్వడు, పోయినవాడికి అది నచ్చదేమోనని.