సింక్ ఉన్నా బ్యాకప్ కావాలా?

ప్రశ్న: మా ఆఫీసులో ఆరుగురం ఒకే షేర్డ్ ఫోల్డర్‌లో పనిచేస్తాం. అది గూగుల్ డ్రైవ్‌తో సింక్ అవుతుంది. రోజూ రాత్రి ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కూడా కాపీ అవుతుంది. ఇంకా బ్యాకప్ అవసరమా? రెప్లికేషన్ పెట్టుకోమంటున్నారు కొందరు.

జవాబు: బ్యాకప్ అవసరమే. రెప్లికేషన్, అంటే అచ్చం అసలులాగే ఉండే నకలును ఎప్పుడూ సిద్ధంగా ఉంచడం, మీకు అక్కర్లేదు.

సోమవారం ఒకరు లెక్కల షీట్‌లో మూడు నెలల వరుసలు పొరపాటున తీసేసి సేవ్ చేశారనుకోండి. సింక్ పని అందరి దగ్గరా ఒకే రూపం ఉంచడం. కాబట్టి కాసేపట్లో ఆ తప్పు ఆరుగురి దగ్గరికీ చేరుతుంది. రాత్రికి హార్డ్‌డిస్క్‌లోని మంచి కాపీ మీద కూడా అదే పడుతుంది. గురువారం గమనిస్తే గూగుల్ డ్రైవ్‌లోని పాత వెర్షన్ ఆదుకోవచ్చు. కానీ డిలీట్ చేసిన ఫైల్ అక్కడి ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. ఏడాదికోసారి తెరిచే ఫైల్ పోయిందని అంతలో ఎవరికి తెలుస్తుంది?

మీ రాత్రి కాపీ ఎలా జరుగుతుందో ఒకసారి చూడండి. చాలాచోట్ల ఇలాంటి కమాండ్ కనిపిస్తుంది:

```
robocopy D:\Office E:\Backup /MIR
```

ఫోల్డర్ పేరు బ్యాకప్ అని ఉన్నా, `/MIR` ఉంటే అసలు ఫోల్డర్‌లో లేనివాటిని కాపీలోంచి కూడా తీసేస్తుంది. ఒక రకంగా ఇదే రెప్లికేషన్. ఒక మెషీన్ పాడైతే ఇంకొకటి వెంటనే పని అందుకోవడానికి అది పనికొస్తుంది. నిమిషం కూడా ఆగకూడని సర్వర్లకు అది కావాలి. పూటసేపు ఫైళ్లు లేకపోయినా నడిచే ఆఫీసుకు దానికోసం ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

అనుమానం ఉంటే ఒక పరీక్ష చేయండి. ఒక ఉత్తుత్తి ఫైల్ పెట్టి, అది రాత్రి కాపీలోకి వెళ్లాక అసలుది డిలీట్ చేయండి. మర్నాడు కాపీలోనూ మాయమై, పాత తేదీ నుంచి తెచ్చుకునే దారి లేకపోతే మీ దగ్గర బ్యాకప్ లేనట్టే.

ఏ తేదీకి ఆ తేదీ రూపాన్ని విడిగా దాచేదే బ్యాకప్. వెర్షన్లు దాచే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో రోజువారీ కాపీలు 30, నెలవారీవి 12 ఉండేలా పెట్టుకోండి. అందుకు రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు తీసుకుని వారానికోసారి మార్చండి. ఒకటి కనెక్ట్ అయి ఉంటే రెండోది ఆఫీసు బయట ఉండాలి. ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే కనెక్ట్ అయి ఉన్న డిస్కును కూడా లాక్ చేసేయగలదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తీసి పక్కన పెట్టిన డిస్కు జోలికి అది వెళ్లలేదు.

నెలకోసారి మూడు వారాల కిందటి ఫైల్ ఒకటి వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, తెరిచి చూడండి. పాస్‌వర్డ్ మర్చిపోయినా, డిస్కు నిండిపోయి బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయినా అప్పుడే తెలిసిపోతుంది. సింక్‌ను మాత్రం ఆపకండి, ఆరుగురు కలిసి పనిచేయడానికి అది కావాల్సిందే.