హోల్డ్ షార్ట్ గీత, స్టాప్ బార్: రన్‌వే అంచున ఏం జరుగుతుంది?

ప్రశ్న: రన్‌వే ముందు గీత ఉంటుంది కదా, అయినా విమానాలు పొరపాటున లోపలికి ఎలా వెళ్తాయి?

ఆ హోల్డ్ షార్ట్ గీత ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప, దాటవచ్చో లేదో చెప్పదు. రన్‌వేకి చేర్చే దారి, అంటే టాక్సీవే మీద అడ్డంగా నాలుగు పసుపు గీతలుంటాయి: రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు మీ వైపున్నాయంటే టవర్ అనుమతి లేకుండా దాటకూడదు.

2024 జనవరి 2న టోక్యో హనేడాలో జరిగింది చూడండి. కోస్ట్ గార్డ్ విమానానికి కంట్రోలర్ 'మీరు నంబర్ వన్, సీ5 దగ్గర హోల్డింగ్ పాయింట్‌కి రండి' అన్నారు. అంటే టేకాఫ్ వరుసలో మీరే మొదట, కానీ సీ5 అనే టాక్సీవే మీద గీత దగ్గరే ఆగండి అని. కెప్టెన్ మాత్రం రన్‌వే ఎక్కేయవచ్చనుకున్నారు. అలా రన్‌వే ఎక్కి దాదాపు 40 సెకన్లు ఆగి ఉండగా, దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల విమానం ఏ350 వెనకనుంచి ఢీకొట్టింది. కోస్ట్ గార్డ్ సిబ్బందిలో ఐదుగురు చనిపోయారు. ఏ350లోని 379 మందీ బయటపడ్డారు.

ఇలాంటి అపార్థానికి విరుగుడే స్టాప్ బార్, అంటే గీత వెంట నేలలో బిగించిన ఎర్ర దీపాల వరుస. అనుమతి ఇచ్చాకే కంట్రోలర్ దాన్ని ఆర్పుతారు. నోటిమాటగా అనుమతి వచ్చినా, ఎరుపు వెలుగుతుంటే పైలట్ ఆగి మళ్లీ అడగాలి. సీ5 స్టాప్ బార్ ఆ రోజు పనిచేయడం లేదు. పనిచేసినా, అప్పట్లో అక్కడ వాటిని వెలిగించేది వాతావరణం వల్ల దూరం సరిగా కనిపించనప్పుడే. నా దృష్టిలో అసలు లోపం ఇదే. రన్‌వే మీద విమానం ఉందని హెచ్చరిస్తూ టవర్ తెరపై రంగు మారింది కానీ శబ్దం లేదు, ఎవరూ గమనించలేదు. తర్వాత ఆ తెరనే చూస్తుండేందుకు ప్రత్యేకంగా మనిషిని పెట్టారు.