‘వీలున్నప్పుడు చూస్తావేమో’ అంటే ఇప్పుడే చూడమని

అమలాపురం

చిరంజీవి చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ పని బాగుందనే మీ మేనేజర్ అంటోందన్నావు. ఏ మాటతో అందని అడిగితే “క్వయిట్ గుడ్” అన్నావు. అప్పట్నుంచీ నాకు మనసు ఆగలేదు. అమెరికా వాళ్ల నోట ఆ మాటకి చాలా బాగుందని అర్థం. నువ్వున్న ఇంగ్లండులో మాత్రం ఎక్కువసార్లు “ఫరవాలేదు” అనే. ప్రొబేషన్‌లో ఉన్నదానివి, ఈ తేడా ఇప్పుడే తెలియాలి.

నేను మాంచెస్టర్ వెళ్లిన మొదటి ఏడు డ్రైనేజీ పైపుల రిపోర్టు రాశాను. మా మేనేజరు చదివి, బాగా వచ్చింది, వీలున్నప్పుడు నాలుగో భాగం ఇంకోసారి చూస్తావేమో అన్నాడు. “యూ మైట్ వాంట్ టు” అని మొదలెట్టాడు. నేను మన అలవాటుకొద్దీ యెస్, యెస్ అన్నాను. వీలున్నప్పుడన్నాడు కదా అని వేరే పని ఎత్తుకున్నాను. ఆ భాగంలో వాననీటి లెక్క తప్పింది. ఆర్నెల్ల రివ్యూలో “చెప్పినా సరిచేయలేదు” అని పడింది. ఆయన చెప్పాననే అనుకున్నాడు, నాకేమో ఎవరూ చెప్పినట్టే లేదు.

నిజానికి ఇలాంటి మాట మనకి కొత్త కాదమ్మా. చుట్టాలు “ఇప్పుడే తిన్నామండి” అంటే మీ అమ్మ విస్తరి వేసేస్తుంది. కొబ్బరికాయల షావుకారు “చూద్దాం లెండి” అన్నాడంటే ఆ ధరకి కొనడని మీ నాన్నకి తెలుసు. అదే చెవి అక్కడా పెట్టు. “మైట్”, “పెర్హాప్స్”, “జస్ట్ వండరింగ్” వినపడితే పొగడ్త వదిలేసి వెనకాల వచ్చిన మాట పట్టుకో.

అక్కడికక్కడే అడుగు: “ఇది శుక్రవారం లోపు మార్చాలా, ఊరికే ఆలోచించమంటున్నారా?” ఇలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఆ రోజే రెండు లైన్ల మెయిల్ పెట్టు, ఏం మారుస్తున్నావో, ఎప్పటికో. మన ‘ఆయ్’ వింటున్నామని కూడా చెబుతుంది. వాళ్లకి నీ యెస్ అంటే అర్థమైందని, ఒప్పుకున్నావని. అర్థం కాకపోతే యెస్ అనకు. అదే టీములో నెదర్లాండ్స్ మనిషి ఉంటే “ఇది తప్పు” అని మొహం మీదే అనొచ్చు. అది కోపమనుకుని కుంగిపోకు.

చేసిన పని దానంతటదే కనబడుతుందనీ అనుకోకు. వారంలో సగం రోజులు ఇంటి నుంచే చేస్తున్నావు, మీ మేనేజర్‌కి ఎలా తెలుస్తుంది? శుక్రవారం మధ్యాహ్నం నాలుగు లైన్లు పంపు: ఏది అయింది, దానివల్ల ఎవరికి పని తేలికైంది, ఎక్కడ ఆగింది, ఆవిడ నుంచి ఏం కావాలి. సాయం చేసినవాళ్ల పేరు తప్పకుండా రాయి. ఆగిన పని దాచావంటే చివర్లో నీ మీదికే వస్తుంది.

పొద్దున్నే “యూ ఆల్‌రైట్?” అనేది పలకరింపే, “ఫైన్, యూ?” చాలు. వాన గురించీ, వారాంతం గురించీ రెండు నిమిషాలు మాట్లాడు. పెళ్లయిందా, జీతమెంత అని మాత్రం మన వీధిలోలా అడక్కు.

సోమవారం ఆవిడని కలిసి, నీ పనిలో మొదట ఏం మార్చాలో ఒక్కటి చెప్పమను. ఆవిడ అన్న ఇంగ్లీషు మాట ఉన్నదున్నట్టు నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య