రాత్రి మూడా, తెల్లవారుజామున మూడా?

విశాఖపట్నం

అమ్మాయీ,

నువ్వు పంపిన రెండూ చదివాను, లండన్ కథకు చేసిన అనువాదమూ, మన ఊరి మీద రాసిన సొంత కథా. రెండింటిలోనూ నన్ను ఆపింది ఒకటే విషయం కాబట్టి, మిగతావన్నీ పక్కన పెట్టి దాని గురించే రాస్తున్నాను. ఇంగ్లీషులో డస్క్ కనిపించిన ప్రతిచోటా ‘సంధ్యవేళ’ అన్నావు. స్మాల్ అవర్స్ కనిపిస్తే ‘తెల్లవారుజాము’ అన్నావు. నిఘంటువు చూసి రాశావని తెలుస్తూనే ఉంది, ఆ అర్థాలు అందులో ఉంటాయి కూడా. కానీ కథలో వేళలు ఒకదానికొకటి కుదరలేదు.

ముందు లండన్ కథ చూద్దాం. అది డిసెంబరులో జరుగుతుంది. ఆ గుమస్తా డస్క్ వేళకి ఆఫీసు నుంచి బయటపడతాడు. నువ్వు ‘సంధ్యవేళ ఆఫీసు నుంచి బయలుదేరాడు’ అన్నావు. చదివే మనిషి మనసులో ఆ క్షణానే ఆరు గంటలు అయిపోతుంది. ఎందుకంటే మనకి సందెవేళ అంటే ఏడాది పొడవునా ఇంచుమించు అదే సమయం. విశాఖలో నవంబరు చివర్లో ఐదూ ఇరవై దాటగానే పొద్దుగుంకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటాక. మొత్తం తేడా గంటా పావు. లండన్‌లో డిసెంబరు నెల సూర్యాస్తమయం నాలుగు గంటలకు ముందే, జూన్‌లో తొమ్మిది దాటాక. అక్కడి డస్క్‌కి ఒక నెలలో ఉన్న గంట ఇంకో నెలలో ఉండదు. అందుకే రెండు పేజీల తర్వాత అతను ఐదింటికి టీ తాగినప్పుడు మన పాఠకుడు వెనక్కి తిప్పి చూస్తాడు, ఆరు దాటింది కదా, ఐదెలా అయిందని.

దీనికి కొత్త మాట వెతకనక్కర్లేదు. తెలుగులో ‘ఏ’ అనే చిన్న ప్రత్యయం ఆ పని చేసిపెడుతుంది. ‘నాలుగింటికే చీకట్లు ముసురుకున్నాయి. అతను ఆఫీసు నుంచి బయటపడ్డాడు.’ ఆ ‘కే’లో ఊరూ, నెలా, చలీ అన్నీ వచ్చేశాయి. అదే కథ జూన్‌లో జరిగి ఉంటే ‘రాత్రి తొమ్మిదైనా ఇంకా వెలుతురు పోలేదు’ అనేదానివి. అక్కడ ‘సాయంత్రం తొమ్మిది’ అనే పొరపాటు మాత్రం చెయ్యకు. ఇంగ్లీషువాళ్ల ఈవెనింగ్ పడుకునేదాకా సాగుతుంది, ఎనిమిదింటికి భోజనానికి పిలిచినా అది ఈవెనింగే. మన సాయంత్రం దీపాలు పెట్టడంతో అయిపోతుంది. ఏడు గంటల దగ్గర ఇద్దరు రెండు రకాలుగా అనొచ్చు గానీ, ఎనిమిదిని సాయంత్రం అనే తెలుగువాళ్లని నేను చూడలేదు.

డస్క్‌లో ఇంకో చిక్కుంది. అది పొద్దు గుంకడం కాదు, గుంకిన తర్వాత మిగిలే ఆ కొంచెం వెలుతురు నల్లబడడం. మన సందె ఇంకా వెడల్పైన మాట. పొద్దు వాలి ఎరుపెక్కడం, గుంకడం, మసకబారడం, మూడూ అందులో ఇమిడిపోతాయి. పైగా సంధ్య పొద్దుటా ఉంది, సాయంత్రమూ ఉంది. ఇంగ్లీషులో దానికి దగ్గరగా ఉండేది డస్క్ కాదు, ట్విలైట్. కాబట్టి మూలంలో రంగు ముఖ్యమైతే సందె అను, మనిషి ముఖం ఆనవాలు పట్టలేకపోవడం ముఖ్యమైతే ‘మసకచీకటి’ అను. ‘మునిమాపు’ చాలా అందమైన మాట, మాపుకి తొలి అంచు. మునివేళ్లు అన్నప్పుడు ఉన్న ‘ముని’యే అది. ఇప్పుడెవరూ ఇంట్లో అనుకునే మాట కాదు కాబట్టి, కథ చెప్పే గొంతు దానికి తగ్గట్టు ఉంటేనే వాడు. ‘అసురసంధ్య’ని అయితే లండన్‌కి అసలు తీసుకెళ్లకు. ఆ మాటలో వెలుతురు కంటే కట్టుబాటు ఎక్కువ. ఆ వేళ పడుకోకూడదు, తినకూడదు, ఇల్లు ఊడవకూడదు అని నానమ్మలు కసిరే వేళ అది. గోధూళి వేళ కూడా అంతే, ఆవులు ఇంటికి తిరిగొచ్చే దారి ఏదీ ఆ కథలో లేదు.

ఇప్పుడు నీ సొంత కథ. ఇందులో డస్క్ గొడవ లేదు, కానీ సందెవేళ కొలతే తప్పింది. ఆర్కే బీచ్‌లో పొద్దుగుంకగానే ఇద్దరినీ మసకచీకట్లో నడిపించడం మొదలుపెట్టి, రుషికొండ చేరేదాకా అదే మసకచీకటి ఉంచావు. ఆ నడకకి రెండు గంటలైనా పడుతుంది. మన దగ్గర సూర్యుడు ఇంచుమించు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి చీకటి తొందరగా పడుతుంది. పొద్దుగుంకాక మనుషులూ వస్తువులూ బాగా కనిపించే వెలుతురు ఇరవై రెండు, ఇరవై నాలుగు నిమిషాలకు మించదు. లండన్‌లో సూర్యుడు ఏటవాలుగా జారతాడు, జూన్‌లో అదే వెలుతురు ముప్పావుగంట పైన నిలుస్తుంది. ఇంగ్లీషు నవలల్లో డస్క్ వేళ పేజీలకు పేజీలు మాట్లాడుకుంటారంటే అక్కడ అంత సమయం నిజంగా ఉంది. నీ ఇద్దరూ పార్కు హోటల్ మలుపు దాటి కాస్త ముందుకు వెళ్లేసరికి వీధి దీపాల వెలుగులో ఉండాలి.

ఇంకొకటి, మన ఊరి మనిషివి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ‘సూర్యుడు సముద్రంలో మునిగిపోయాడు’ అని రాశావు. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, గుంకేది మన వెనక, ఊరి మీదుగా కొండల వైపు. బీచ్‌లో కూర్చున్నవాళ్లకి మేడల నీడ ముందే ఇసుక మీద పడుతుంది, సముద్రం మీద ఆకాశం ఎర్రగా కాకుండా ఊదారంగులోకి పోతుంది. సముద్రం మీంచి ఏదైనా రావాలంటే పౌర్ణమి పెట్టుకో, పొద్దుగుంకే సమయానికే చంద్రుడు నీళ్ల మీంచి లేస్తాడు.

స్మాల్ అవర్స్ దగ్గరికి వస్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఒకటి, రెండు, మూడు, ఇలా గంటల అంకెలు చిన్నవిగా ఉండే వేళ అని ఇంగ్లీషువాళ్ల లెక్క. వాళ్లకి అర్ధరాత్రి దాటిందంటే మార్నింగ్ వచ్చేసినట్టే, రెండు గంటలనీ మార్నింగ్ అంటారు. నువ్వు ఒకచోట దాన్ని ‘ఉదయం రెండు గంటలకు’ అని దించావు. పైకి చదువు, నీ చెవే ఒప్పుకోదు. మనకి రోజు మారేది సూర్యోదయంతో. పెళ్లి శుభలేఖలు చూశావు కదా, ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే ‘శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం’ అని వేస్తారు. రెండు లెక్కలనీ ఒకే వాక్యంలో అంత శుభ్రంగా కలిపిన మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అర్ధరాత్రి కూడా మిడ్‌నైట్‌కి సరిగ్గా కూర్చోదు. మిడ్‌నైట్ అంటే పన్నెండు గంటల ఆ ఒక్క క్షణం. మనం ఒంటిగంటనీ రెండునీ కూడా అర్ధరాత్రి అంటాం. కాబట్టి మూలంలో మిడ్‌నైట్‌కి గడియారం కొడితే ‘రాత్రి పన్నెండు’ అని అంకె వెయ్యి.

తెల్లవారుజాము ఎక్కడ మొదలవుతుంది? పాతకాలపు లెక్కలో రాత్రికి నాలుగు జాములు, జాముకి ఏడున్నర ఘడియలు, ఘడియకి ఇరవై నాలుగు నిమిషాలు. అంటే జాముకి మూడు గంటలు. చివరి జాము మూడింటి ప్రాంతంలో మొదలై తెల్లవారడంతో పూర్తవుతుంది. గడియారాలు వచ్చినా మన నోట్లో ఆ హద్దు చెరిగిపోలేదు. రెండింటిని ఎవరూ తెల్లవారుజాము అనరు, నాలుగింటిని రాత్రి అనడం తక్కువ. మూడు మాత్రం రెండు వైపులా పోతుంది, ఎటు పోతుందన్నది ఆ మనిషి చేతిలో ఉంది. నిద్రపట్టక మంచం మీద దొర్లేవాడికి అది ‘రాత్రి మూడు’. అలారం పెట్టుకుని లేచినవాడికి ‘తెల్లవారుజామున మూడు’. ఒకరికి ఇంకా నిన్నటి రోజే సాగుతోంది, ఇంకొకరికి ఇవాళ మొదలైపోయింది.

ఈ దృష్టితో నీ గుమస్తాని చూడు. అప్పుల లెక్కలు చూసుకుంటూ స్మాల్ అవర్స్ దాకా కూర్చున్నాడు. నువ్వు ‘తెల్లవారుజాము వరకు కూర్చున్నాడు’ అనగానే నాలుగో ఐదో అయిపోయింది, అతను తెల్లవార్లూ మేలుకున్నాడని అర్థం వచ్చింది. మూలంలో అతను ఒకటిన్నరకి దీపం ఆర్పేస్తాడు. ‘రాత్రి ఒంటిగంట దాటినా లెక్కలు తేలలేదు’ అంటే సరిపోతుంది. ‘అపరాత్రి’ అందామా అని నీకు అనిపించొచ్చు. ఆ మాటలో కొంచెం తప్పుపట్టడం ఉంది, వేళ కాని వేళ అని. అపరాత్రి వేళ తలుపు కొట్టేవాడికి అది నప్పుతుంది, తన గదిలో తను కూర్చున్నవాడికి నప్పదు. చివర్లో డాన్‌కి ‘ఉషోదయం’ అన్నచోట కూడా ఆలోచించు. ఆ నెలలో లండన్‌లో పొద్దు పొడిచేది ఎనిమిది ప్రాంతంలో. అతను లేచి షేవ్ చేసుకుని బయలుదేరుతున్నాడు, ఆఫీసు వేళ అయింది. ‘అతను వీధిలోకి వచ్చేసరికి అప్పుడప్పుడే తెల్లవారుతోంది’ అంటే చాలు.

నీ జాలరిపేట తాతకి దీనికి తిరగేసిన చిక్కు వచ్చింది. అతను వేటకెళ్లడానికి లేచినవాడు, ఆ వేళ అతనికి పనిలో మొదటి భాగం. ‘ఉషస్సు రాకముందే’ అని అతని నోట పెట్టకు, ‘తెల్లారగట్ల’ అంటాడు. ఈ కథనే ఇంగ్లీషు చేస్తానన్నావు కదా, అక్కడ స్మాల్ అవర్స్ అని రాస్తే అతను రాత్రంతా మేలుకున్నవాడిలా కనిపిస్తాడు. ‘బిఫోర్ డాన్’ అను, లేదా ‘ఫోర్ ఇన్ ద మార్నింగ్’ అని గంటే చెప్పు.

తిరగరాసేటప్పుడు ప్రతి సన్నివేశం పక్కనా పెన్సిల్‌తో ఊరు, నెల, గంట రాసుకో. ఆ మనిషి ఇంకా పడుకోలేదా, లేచాడా అన్నది కూడా రాయి. అప్పుడు మాట ఎంచుకో. ఆ ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలు ఫోన్‌లో ఒక్క నిమిషంలో దొరుకుతాయి.

నీ కథ చివర రైలు సన్నివేశం ఒకటి మిగిలింది. మనవడు ‘శనివారం రాత్రి పన్నెండూ ఇరవైకి’ రైలెక్కాడన్నావు, అతని చేతి టికెట్ మీద శనివారం తేదీనే వేశావు. రైల్వే వాళ్లకి పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. శనివారం తేదీ ఉన్న పన్నెండూ ఇరవై రైలు శుక్రవారం రాత్రే వెళ్లిపోయింది. టికెట్ మీద ఆదివారం తేదీ ఉండాలి, లేదంటే అతను ఆ రైలు తప్పిపోవాలి. రెండోది పెట్టుకుంటే నీ ముగింపు మారుతుంది, అదేమైనా పనికొస్తుందేమో చూసుకుని రెండు కథలూ మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాష్టారు